సంఖ్యలు, కొలతలు: తెలుగు వాక్యంలో క్రియతో పొందిక

తెలుగులో క్రియ కర్త వచనాన్ని అనుసరిస్తుంది. పుస్తకం వచ్చింది, పుస్తకాలు వచ్చాయి. ఈ సూత్రం బడిలో మొదటి పాఠంలాగే ఉంటుంది. కర్త స్థానంలో సంఖ్యో, కొలతో వచ్చి కూర్చున్నప్పుడు మాత్రం అది తడబడుతుంది. ‘ఐదు వందల రూపాయలు ఉంది’ అనాలా, ‘ఉన్నాయి’ అనాలా? పెళ్లయి పదేళ్లు ‘అయింది’ అంటాం, కానీ పదేళ్లు ‘గడిచాయి’ అంటాం. రెండూ సరైన తెలుగే. రెండింటిలోనూ ‘పదేళ్లు’ బహువచనమే. మరి క్రియ ఒకచోట ఏకవచనంలో, ఇంకోచోట బహువచనంలో ఎందుకుందన్నదే ఈ వ్యాసం ప్రధాన విషయం. దానితోపాటే రెండో ప్రశ్న వస్తుంది. ‘పదేళ్ల ప్రణాళిక’, ‘మూడు నెలల జీతం’ వంటి మాటల్లో కొలత విశేషణంగా మారినప్పుడు దాని రూపమేమిటి, క్రియ మీద దానికి పట్టుంటుందా?

ఉదాహరణలు ఎక్కువగా మంచిర్యాల జిల్లా శ్రీరాంపూర్ నుంచి తీసుకున్నాం. 2016 వరకు ఇది ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. సింగరేణి సంస్థకు ఇదొక ఏరియా. ఆర్కే, ఎస్సార్పీ పేర్లున్న భూగర్భ గనులతోపాటు ఓపెన్‌కాస్టు కూడా ఇక్కడ ఉంది. టన్నులు, షిఫ్టులు, మస్టర్లు, వేలు, లక్షలు ఇక్కడ రోజంతా నోట్లో నానే మాటలు కాబట్టి కొలత పదాలు వాక్యంలో ఎన్ని రకాలుగా మసలుతాయో చూడడానికి ఇంతకన్నా అనువైన చోటు వెతకనక్కర్లేదు. ఉత్తర తెలంగాణ మాటలో ‘వచ్చింది’ చాలామంది నోట ‘అచ్చింది’ అవుతుంది, ‘వచ్చాయి’ ‘అచ్చినయ్’ అవుతుంది. రూపం మారినా ఏకవచన, బహువచన భేదం చెక్కుచెదరదు. పైగా ‘-ది’, ‘-నయ్’ అనే తేడా చెవికి మరింత స్పష్టంగా తెలుస్తుంది.

పొందిక కట్టుబాటు

తెలుగు క్రియ ప్రథమ పురుషలో నాలుగు రూపాలు చూపిస్తుంది: వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి. పురుషుడికి ఏకవచనంలో ప్రత్యేక రూపం ఉంది. స్త్రీకి, జంతువుకు, వస్తువుకు ఏకవచనంలో ఒకటే రూపం. బహువచనానికి వచ్చేసరికి స్త్రీలు పురుషుల పక్కన చేరతారు, మిగిలినవి విడిగా ఉంటాయి. చిన్నయ సూరి బాలవ్యాకరణంలో మహత్తు, మహతి, అమహత్తు అని చేసిన విభాగం ఈ నడకను పట్టుకునేదే. రూపాయలు, టన్నులు, గంటలు, ఏళ్లు అన్నీ అమహత్తులు. కాబట్టి ఈ వ్యాసంలోని తగవంతా ‘-ది’, ‘-యి’ అనే రెండు చివరల మధ్యే నడుస్తుంది.

కొన్ని క్రియల్లో ఈ తగవే రాదు. కావాలి, చాలు, వద్దు, అక్కర్లేదు, రాలేదు అనేవి కర్త ఏదైనా మారవు. ‘ఐదు వందలు కావాలి’, ‘పైసలు రాలేదు’ అన్నప్పుడు కర్త ఏకవచనమో బహువచనమో క్రియ చెప్పదు. వ్యతిరేకంలోకి, అందులోనూ ఉనికిని చెప్పే క్రియలోకి వెళ్తే మళ్లీ బయటపడుతుంది: ‘ఐదు వందలు లేవు’, శ్రీరాంపూర్‌లో ‘ఐదు వందలు లెవ్వు’. ‘చాలు’ మారదు గాని ‘చాలదు, చాలవు’ మారతాయి. ఒక వాక్యంలో పొందిక ఎటుందో పరీక్షించాలంటే మారని క్రియను పక్కన పెట్టి, మారే క్రియను పెట్టి చూడాలి.

పది టన్నుల మూడు వాక్యాలు

కొలత వాక్యంలో మూడు చోట్ల నిలబడగలదు. ఈ మూడు చోట్లనూ విడదీసి చూస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది. గని దగ్గర వినిపించే మూడు వాక్యాలు తీసుకుందాం.

మొదటిది: ‘పది టన్నులు అచ్చినయ్.’ ఇక్కడ టన్నులే కర్త. బొగ్గు మాట పైకి లేదు. కర్త బహువచనం కాబట్టి క్రియా బహువచనమే.

రెండోది: ‘పది టన్నుల బొగ్గు అచ్చింది.’ ఇక్కడ కర్త బొగ్గు. పది టన్నులన్నది దానికి విశేషణం. ‘టన్నులు’ కాస్తా ‘టన్నుల’ అయిందంటే కర్త పదవి వదులుకుందని గుర్తు. పది టన్నులైనా పది లక్షల టన్నులైనా క్రియ ‘అచ్చింది’ అనే ఉంటుంది.

మూడోది: ‘బొగ్గు పది టన్నులు అచ్చింది.’ ఇది కొంచెం జాగ్రత్తగా చూడాల్సిన వాక్యం. ‘టన్నులు’ ప్రథమా విభక్తిలోనే ఉంది, క్రియకు ఆనుకుని ఉంది, అయినా క్రియ దాని మాట వినలేదు. కర్త బొగ్గు, వాక్యం మొదట్లోనే ఉంది. పది టన్నులన్నది ‘ఎంత వచ్చింది’ అనే ప్రశ్నకు జవాబుగా క్రియను విశేషిస్తోంది. ‘రైలు పది నిమిషాలు ఆలస్యమైంది’ అన్నప్పుడు నిమిషాలు ఏం చేస్తున్నాయో ఇక్కడ టన్నులూ అదే చేస్తున్నాయి. రైలును వదిలేసి ‘నిమిషాలు ఆలస్యమయ్యాయి’ అని ఎవరూ అనరు.

రాసేవాళ్లు తప్పటడుగు వేసేది ఈ మూడో రకంలోనే. క్రియకు ఆనుకుని బహువచనం కనిపించగానే చేయి బహువచనం వైపు లాగుతుంది. ‘ఉత్పత్తి గత నెల కంటే రెండు లక్షల టన్నులు పెరిగాయి’ అని రాసేస్తారు. పెరిగింది ఉత్పత్తి, టన్నులు కావు. ‘పెరిగింది’ అనాలి. పరీక్ష తేలిక. కొలతను తీసేసి వాక్యం చదవాలి. ‘ఉత్పత్తి పెరిగాయి’ అని చదివితే తప్పు వెంటనే కనబడుతుంది. కొలత తీసేస్తే కర్తే మిగలకుండా పోతే, కొలతే కర్త.

కిరాణా కొట్టు, రోడ్డు కూడా ఇదే చెప్తాయి. ‘కందిపప్పు కిలో ఎంతుంది?’ ‘కిలో నూటయాభై రూపాయలుంది.’ ధర కర్త, అది పైకి పలకలేదు. ‘గని గేటు ఇక్కడికి రెండు కిలోమీటర్లుంటది.’ గేటు కర్త. ఈ వాక్యాల్లో ‘ఉన్నయ్’ అని పెడితే అర్థమే మారిపోతుంది. ‘నూటయాభై రూపాయలున్నయ్’ అన్నవాడు తన జేబు గురించి చెప్తున్నాడు.

పదేళ్లయింది

ఇప్పుడు అసలు ముడి. ‘పెళ్లయి పదేళ్లయింది’, ‘ఆయన పోయి మూడు నెలలైంది’, ‘టైము ఎనిమిది గంటలైంది’. కోస్తాలోగాని తెలంగాణలోగాని కాలం చెప్పేటప్పుడు ‘అవు’ క్రియ ఏకవచనంలో రావడమే సహజమైన వాడుక. కానీ అదే కాలాన్ని ‘గడుచు’, ‘నిండు’ క్రియలతో చెప్తే బహువచనం: పదేళ్లు గడిచాయి, అరవై ఏళ్లు నిండాయి.

కారణం ‘అవు’ క్రియ స్వభావంలో ఉంది. ‘వాడు డాక్టరయ్యాడు’ అన్నప్పుడు ‘డాక్టరు’ కర్త కాదు, కర్త ఏమయ్యాడో చెప్పే మాట. ‘పదేళ్లయింది’లోనూ పదేళ్లు కర్త కాదు. జరిగిన కాలం పదేళ్లయింది. కాలం అనే కర్త పైకి కనిపించదు, అయినా వాక్యంలో ఉంది, అది ఏకవచనం. గడవడం, నిండడం మాత్రం ఏళ్లే చేస్తాయి, ఒక్కొక్కటిగా గడుస్తాయి, ఒక్కొక్కటిగా నిండుతాయి. అందుకే అక్కడ ఏళ్లు నిజమైన కర్తలు.

సింగరేణి కార్మికుడి మస్టర్ల లెక్కలో ఈ తేడా బాగా కనిపిస్తుంది. 1952 నాటి గనుల చట్టం ప్రకారం వేతనంతో కూడిన వార్షిక సెలవుకు అర్హత రావాలంటే భూగర్భంలో పనిచేసేవారికి ఏడాదిలో 190 హాజరులు, మిగిలినవారికి 240 హాజరులు ఉండాల్సి వచ్చేది. హాజరును ఇక్కడ మస్టర్ అంటారు. ‘నూట తొంభై మస్టర్లు నిండినయ్’ అంటే మస్టర్లు కర్త, క్రియ బహువచనం. ‘ఇప్పటికి ఎంతైంది?’ అని అడిగితే ‘నూట డెబ్బై మస్టర్లయింది’ అనే జవాబు వస్తుంది. ఇక్కడ మస్టర్లు కర్త కాదు, లెక్క కర్త. ‘నూట తొంభై మస్టర్లు చేసిండు’ అన్నప్పుడు మస్టర్లు కర్మ. తెలుగులో క్రియ కర్మతో పొందదు కాబట్టి ఆ వాక్యంలో ప్రశ్నే లేదు. సంస్థలో పదవీ విరమణ వయసు 2021లో 60 నుంచి 61కి పెరిగింది. దాని గురించి మాట్లాడేవారూ ఇదే క్రమంలో నడుస్తారు: ‘అరవై ఒక్క ఏండ్లు నిండినయ్’, ‘దిగిపోయి రెండేండ్లయింది’, ‘ముప్పై ఏండ్ల సర్వీసు ఉన్నది’. మూడు వాక్యాలు, మూడింటా ఏండ్లే. క్రియ మాత్రం ఏండ్లు ఏ పాత్రలో ఉన్నాయో చూసుకునే మారింది.

పక్క భాషలతో పోలిస్తే తెలుగు ఎక్కడ నిలబడిందో తెలుస్తుంది. హిందీలో ‘దస్ సాల్ హో గయే’ అంటారు, క్రియ బహువచనం. తమిళంలో ‘పత్తు వరుషం ఆచ్చు’, కన్నడంలో ‘హత్తు వర్ష ఆయితు’ అంటారు. రెండింటా క్రియ ఏకవచనమే. ఆ రెండు భాషల్లోనూ సంఖ్య తర్వాత నామం కూడా బహువచన ప్రత్యయం లేకుండానే నిలబడింది కాబట్టి అక్కడ వైరుధ్యం కంటికి తగలదు. తెలుగు మాత్రం సంఖ్య తర్వాత నామానికి బహువచనం తప్పనిసరి చేసింది, క్రియను ద్రావిడ సోదరుల్లాగే ఏకవచనంలో ఉంచింది. అందుకే ‘ఏళ్లు’, ‘అయింది’ పక్కపక్కనే నిలిచి చూసేవారిని ఆలోచనలో పడేస్తాయి. హైదరాబాదు రాజ్యంలో తరాల తరబడి ఉర్దూ పక్కనే బతికిన ప్రాంతంలో కూడా ఈ ఏకవచనం నిలిచి ఉండడం గమనించదగ్గది.

ఎంత, ఎన్ని

డబ్బు విషయంలో వాడుక కాలమంత తేటగా లేదు. ‘జేబులో ఐదు వందలున్నాయి’, ‘ఐదు వందలు పోయాయి’, ‘దారిలో ఐదు వందలు దొరికాయి’ అనే వాక్యాల్లో బహువచనం స్థిరం. రూపాయలు ఉండే, పోయే, దొరికే వస్తువులు. ‘బిల్లు ఐదు వందలైంది’లో ఏకవచనం స్థిరం, ఎందుకంటే కర్త బిల్లు. మధ్యలో ఒక సందు ఉంది: ‘వెయ్యి రూపాయలు ఖర్చయింది’ అనీ వింటాం, ‘ఖర్చయ్యాయి’ అనీ వింటాం. ‘ఐదు వందలు సరిపోవు’ అనీ, ‘సరిపోదు’ అనీ వింటాం.

ఈ సందులో ఏది ఎంచుకోవాలో తేల్చడానికి తెలుగే ఒక సాధనం ఇచ్చింది. మన భాషలో పరిమాణం అడగడానికి ‘ఎంత’, లెక్క అడగడానికి ‘ఎన్ని’ అని రెండు మాటలున్నాయి. ‘ఎంత ఖర్చయింది?’ అన్నదానికి జవాబు ‘వెయ్యి రూపాయలు ఖర్చయింది’. ఇక్కడ వెయ్యి రూపాయలు ఒక్క మొత్తం. ‘ఇచ్చినవాటిలో ఎన్ని ఖర్చయ్యాయి?’ అంటే ‘వెయ్యి ఖర్చయ్యాయి, ఐదు వందలు మిగిలాయి’ అంటాం. డబ్బును విడివిడి రూపాయలుగా చూస్తున్నాం. సర్వనామం కూడా ఇదే దారిలో నడుస్తుంది. ‘ఐదు వందలు ఇస్తానన్నాడు, అది ఏ మూలకు?’ అంటే మొత్తం. ‘ఐదు వందలు ఇచ్చాడు, అవి బీరువాలో పెట్టా’ అంటే నోట్లు. ‘అది’ నప్పే చోట ఏకవచన క్రియ, ‘అవి’ నప్పే చోట బహువచన క్రియ రాస్తే వాక్యం నిలకడగా ఉంటుంది.

ఈ సాధనానికి ఒక హద్దుంది. కాలానికి ‘ఎన్ని’ వాడినా క్రియ ఏకవచనంలోనే ఉండిపోతుంది: ‘ఎన్నేళ్లయింది?’, ‘ఎన్ని రోజులు పట్టింది?’ మొదటిదానికి కారణం పైన చూశాం. రెండోది ఇంకొంచెం కష్టం. ‘రెండు గంటలు పట్టింది’లో కాలం తప్ప వేరే కర్త కనిపించదు. అయినా ‘పట్టాయి’ అనడం కంటే ‘పట్టింది’ అనడమే తెలుగు నోటికి సహజం. పని పట్టిన మొత్తం సేపు ఒక్కటే ముద్ద కాబట్టి భాష దాన్ని ఒక్కటిగా చూస్తోందన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. ‘పండక్కి ఇంకా పది రోజులుంది’ అనే వాడుకలోనూ అదే చూపు కనిపిస్తుంది. ‘పది రోజులున్నాయి’ కూడా తప్పు కాదు. రోజులు లెక్కపెట్టుకుంటున్న పిల్లల నోట అదే వస్తుంది.

బహువచన కొలతను తెలుగు ఒక్క మూటగా కట్టగలదనడానికి బలమైన సాక్ష్యం మరొకటి ఉంది. ‘ఓ ఐదు వందలియ్యి’, ‘ఒక పది రోజులు ఆగు’ అంటాం. ‘ఒక’ పక్కన బహువచన నామం మామూలుగా పొసగదు. ‘ఒక పుస్తకాలు’ అనలేం. కానీ ‘ఒక పది పుస్తకాలు’ అనగలం. ఆ ‘ఒక’ పుస్తకాలను కాదు, పది అనే కట్టను పట్టుకుంది. సుమారుగా అనే అర్థం దాని నుంచే పుట్టింది. అయినా క్రియ దగ్గరికి వచ్చేసరికి ఆ కట్ట విడిపోవచ్చు: ‘ఓ పది పుస్తకాలు మిగిలాయి’.

పదేళ్ల ప్రణాళిక

కొలత విశేషణంగా మారినప్పుడు తెలుగు చేసే పని ఒక్కటే. బహువచనం ‘లు’ను ‘ల’గా మారుస్తుంది. పదేళ్లు, పదేళ్ల ప్రణాళిక. మూడు నెలలు, మూడు నెలల జీతం. ఐదు వందలు, ఐదు వందల నోటు. సంఖ్యల లోపల కూడా ఇదే నియమం పనిచేస్తుంది. వందలు, వేలు, లక్షలు, కోట్లు అనేవి నామాలే. తర్వాత ఇంకేదైనా రాగానే అవి వందల, వేల, లక్షల, కోట్ల అవుతాయి. ‘రెండు వేల ఐదు వందల రూపాయల చీర’లో వేలు ఐదు వందలకు తలవంచాయి, వందలు రూపాయలకు, రూపాయలు చీరకు. చివరికి క్రియ చూసేది ఒక్క చీరనే: ‘చిరిగింది’. కొలత ఒకటే అయితే ప్రత్యయం అవసరం లేదు: నెల జీతం, గంట ప్రయాణం, రూపాయి బిళ్ల, ఏడాది పిల్ల. వంద, వెయ్యి ఏకవచనాలు కాబట్టి ‘వంద నోటు’, ‘వెయ్యి నోటు’ అంటాం. ఒకటి దాటితే ‘రెండు వేల నోటు’.

ఇంగ్లిషు మీడియంలో చదివే పిల్లలకు ఇక్కడొక వలుంది. ఇంగ్లిషులో ఈ చోట ఏకవచనం ఉండాలి, ‘టెన్ ఇయర్ ప్లాన్’ అనాలి. మన ‘పదేళ్ల’లో బహువచనం దాగుంది. దాన్నే మనసులో ఉంచుకుని ‘టెన్ ఇయర్స్ ప్లాన్’ అని రాసి పోటీ పరీక్షల్లో మార్కు పోగొట్టుకుంటారు. ఆ తప్పు అజ్ఞానం నుంచి రాలేదు, సొంత భాష నియమాన్ని నమ్మకంగా పాటించడం నుంచి వచ్చింది. అధ్యాపకులు ఆ మాట చెప్పి దిద్దితే పిల్లలకు రెండు భాషలూ ఒక్కసారే అర్థమవుతాయి.

సంస్కృత సమాసాల్లో మాత్రం బహువచనం ఉండదు. ‘పంచవర్ష ప్రణాళిక’ అంటాం, ‘పంచవర్షాల ప్రణాళిక’ అనం. దాన్నే తెలుగు చేస్తే ‘ఐదేళ్ల ప్రణాళిక’, ‘ల’ వచ్చి తీరాలి.

బోర్డుల మీద, కరపత్రాల్లో ఎక్కువగా కనిపించే లోపం ‘ల’ బదులు ‘లు’ వేయడం: ‘3 నెలలు శిక్షణ’, ‘10 సంవత్సరాలు అనుభవం’. విడి పదబంధాలుగా ఇవి తప్పులు, ‘3 నెలల శిక్షణ’, ‘10 సంవత్సరాల అనుభవం’ అనాలి. అయితే ‘3 నెలలు శిక్షణ ఇస్తారు’ అన్న పూర్తి వాక్యం తప్పు కాదు. అక్కడ మూడు నెలలు శిక్షణకు విశేషణం కాదు, ఇవ్వడం ఎంత కాలమో చెప్తోంది. ‘3 నెలల శిక్షణ’ అంటే కోర్సు నిడివి మూడు నెలలు. ‘3 నెలలు శిక్షణ ఇస్తారు’ అంటే ఇచ్చే పని మూడు నెలలు సాగుతుంది. తరచూ రెండూ ఒకే చోటికి వస్తాయి గాని ఎప్పుడూ కాదు. అంకెలు వేసినప్పుడు ఈ తేడా మరుగున పడుతుంది. ‘రూ.5,000 సాయం’ అని అచ్చేస్తే అందులో ‘ల’ కనిపించదు, చదివేవాడే ‘ఐదు వేల రూపాయల సాయం’ అని పూరించుకోవాలి. ‘రూ.5 వేల సాయం’ అని రాస్తే ఆ శ్రమ తప్పుతుంది.

మనుషుల లెక్క

మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు సంఖ్యే వేషం మారుస్తుంది. ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఏడుగురు వరకు అందరి నోటా వినిపిస్తాయి. ఎనిమిది నుంచి ‘మంది’ చేరుతుంది. క్రియ తప్పకుండా మానవ బహువచనం: ‘గనిలకు మూడు వందల మంది దిగిన్రు’. ‘మంది’కి బహువచన ప్రత్యయం లేకపోయినా క్రియ బహువచనంలో ఉండడం చూస్తే పొందిక రూపాన్ని బట్టి కాక అర్థాన్ని బట్టి నడుస్తోందని తెలుస్తుంది. ‘పదేళ్లయింది’లో నామం బహువచనం, క్రియ ఏకవచనం. ఇక్కడ సరిగ్గా తలకిందులు. మనుషుల్ని గుంపు పేరుతో చెప్తే మాత్రం క్రియ గుంపును చూస్తుంది: ‘రెండో షిఫ్టు దిగింది’, ‘నలభై కుటుంబాలు వచ్చాయి’.

ఒక బోనస్, అనేక వాక్యాలు

2024 సెప్టెంబరులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సింగరేణి కార్మికులకు 2023–24 లాభాల వాటా ప్రకటించారు. లాభం 4,701 కోట్ల రూపాయలు. అందులో విస్తరణ పెట్టుబడులకు పక్కన పెట్టగా మిగిలిన 2,412 కోట్ల మీద 33 శాతం, అంటే 796 కోట్లు కార్మికులకు. సగటున ఒక్కొక్కరికి లక్షా తొంభై వేలు. కాంట్రాక్టు కార్మికులకు తలా ఐదు వేలు. శ్రీరాంపూర్‌లో ఈ వార్త ఎన్ని రకాల వాక్యాలుగా మారగలదో చూస్తే పైన చెప్పిందంతా ఒక్కచోట కనబడుతుంది.

‘లాభం 4,701 కోట్ల రూపాయలు’ అన్నది క్రియ లేని వాక్యం. పొందిక సమస్యే లేదు. దీనికి క్రియ తగిలిస్తే ‘లాభం 4,701 కోట్లు వచ్చింది’ అనాలి, ‘వచ్చాయి’ అనకూడదు. కర్త లాభం. ‘796 కోట్ల బోనస్ ప్రకటన వెలువడింది’లో కోట్లు విశేషణంలో మునిగిపోయాయి. ‘796 కోట్లు కేటాయించారు’లో కోట్లు కర్మ.

డబ్బు ఖాతాలో పడిన రోజు ‘పైసలు పడ్డయా?’ అని అడుగుతారు. తెలంగాణలో పైసలు నిత్యం బహువచనమే, ‘పైసలు పడ్డది’ అని వినబడదు. జవాబు ‘పడ్డయ్, లక్షా తొంభై వేలు పడ్డయ్’. ‘బోనస్ పడ్డదా?’ అని అడిగితే జవాబు ‘పడ్డది, లక్షా తొంభై వేలు పడ్డది’. అదే మనిషి, అదే మొత్తం. ప్రశ్నలో కర్త బోనస్ అయ్యేసరికి జవాబులోనూ అదే కర్తగా కొనసాగింది, వేలు ఎంత అన్నది చెప్పే మాటగా మారాయి. రెండింటిలో ఏది తప్పని అడిగితే ఏదీ కాదు. ముందు వాక్యం చూడకుండా ఒక్క వాక్యాన్ని విడదీసి దిద్దబోతే దిద్దేవాడే పొరబడతాడు. పత్రికల్లో ‘రూ.5 లక్షలు మంజూరైంది’, ‘మంజూరయ్యాయి’ అనే రెండు రూపాలూ కనిపించడానికి మూలం ఇదే. పై వాక్యంలో నిధి, సాయం, రుణం అనే ఏకవచన కర్త ఉంటే ‘మంజూరైంది’ ఒప్పు. లక్షలే కర్తగా నేరుగా మొదలైన వాక్యంలో ‘మంజూరయ్యాయి’ పొందికగా ఉంటుంది.

ఇక ‘33 శాతం’. శాతం అనే మాట సంఖ్య ఎంతైనా బహువచనం తీసుకోదు, విశేషణమైనా రూపం మారదు. అందువల్ల క్రియ దాన్ని దాటి వెనకున్న నామాన్ని వెతుక్కుంటుంది. ‘లాభంలో 33 శాతం కార్మికులకు దక్కింది’: దక్కింది లాభంలో భాగం, ఏకవచనం. ‘ఓట్లలో 33 శాతం ఒకరికే పడ్డాయి’: పడినవి ఓట్లు, బహువచనం. ‘కార్మికుల్లో 33 శాతం మంది సెలవులో ఉన్నారు’: మనుషులు కాబట్టి ‘ఉన్నారు’. ఇందులో ‘మంది’ తీసేసి ‘33 శాతం సెలవులో ఉన్నారు’ అన్నా క్రియ మారదు. ‘33 శాతం పోలింగ్ నమోదైంది’లో పోలింగ్ ఏకవచనం. సగం, మూడోవంతు, ముప్పావు కూడా ఇలాగే నడుస్తాయి: ‘సగం బొగ్గు కాలింది’, ‘సగం పైసలు అయిపోయినయ్’, ‘సగం మంది అచ్చిన్రు’.

అరలు, పావులు మొదటి అంకెకు తగులుకున్నప్పుడు మరో చిన్న మెలిక ఉంది. ‘గంటన్నర’, ‘లక్షన్నర’, ‘టన్నున్నర’ ఏకవచన నామం మీద కట్టిన మాటలు. అందుకే ‘టన్నున్నర బొగ్గు’ అంటాం, ‘ల’ రాదు. అదే ‘ఒకటిన్నర’తో మొదలుపెడితే బహువచనం వస్తుంది: ‘ఒకటిన్నర టన్నుల బొగ్గు’. పరిమాణం ఒకటే అయినా అర కొలతకు తగిలిందా, అంకెకు తగిలిందా అన్నదాన్ని బట్టి నామం రూపం మారింది. క్రియ మాత్రం రెండు చోట్లా బొగ్గునే చూసి ‘అచ్చింది’ అంటుంది.